‘చెరువు పద్దు’ యాప్ ఐకాన్: ప్రాంప్టుల పూర్తి పాఠం

యాప్: భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులు రోజువారీ మేత, మేత మిగిలిందో లేదో చూసే చెక్ ట్రే లెక్క, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ నడిచిన గంటలు రాసుకునేది. చూసే చోటు: మిట్టమధ్యాహ్నం చెరువు గట్టు, ఎండలో తళతళలాడే చిన్న స్క్రీన్. ఐకాన్ 24 పిక్సెళ్లలో కూడా ఫలానాదని పోల్చుకోగలగాలి. బొమ్మలు గీసే ఏఐ టూల్‌కి ఒక్కో ప్రాంప్టును విడివిడిగా ఇవ్వాలి. ఉమ్మడి భాగాన్ని మాత్రం మొదటి రెండు ప్రాంప్టులకూ ప్రతిసారీ ముందు పెట్టాలి.

ఉమ్మడి భాగం

1024 × 1024 చదరపు బొమ్మ ఒక్కటే గీయాలి. నేపథ్యం ఒకే ముదురు రంగు, #0B4F5C. నాలుగు అంచుల దాకా, నాలుగు మూలల దాకా అదే రంగు నిండాలి. మూలలు గుండ్రం చేయొద్దు, చుట్టూ గీత వద్దు, నీడ వద్దు, మెరుపు వద్దు. మధ్యలో ఒకే ఒక్క ఆకారం. అది కాన్వాసు నడిమధ్య, వెడల్పులో 61 శాతం వ్యాసమున్న ఊహా వృత్తం లోపలే పూర్తిగా ఇమడాలి. ఆ వృత్తాన్ని గీయొద్దు. ఆకారానికి ఒకే చదును రంగు. ఏ భాగమూ, ఏ సందూ కాన్వాసు వెడల్పులో 6 శాతం కంటే సన్నగా ఉండకూడదు. అక్షరాలు, అంకెలు, ఫోన్ బొమ్మ, పక్కపక్కన రెండు మూడు నమూనాలు ఏవీ వద్దు. ఎదురుగా చూసినట్టు, లోతు లేకుండా.

ఈ కొలతలు ఊరికే పెట్టినవి కావు. ఆండ్రాయిడ్ అడాప్టివ్ ఐకాన్ పొర 108 డీపీ. అందులో కంటికి కనబడేది నడిమి 72 డీపీ మాత్రమే. ఫోన్ కంపెనీ దాన్ని గుండ్రంగా కోసినా, చదరంగా కోసినా తెగకుండా మిగిలేది 66 డీపీ వ్యాసమున్న వృత్తం. 1024 కాన్వాసులో అది సుమారు 625 పిక్సెళ్లు, అంటే 61 శాతం. కనబడే 72 డీపీ భాగం 683 పిక్సెళ్లు. దాన్ని 24కి కుదిస్తే ప్రతి 28 పిక్సెళ్లూ ఒక పిక్సెల్ అవుతాయి. గీత నిలబడాలంటే కనీసం రెండు పిక్సెళ్లు కావాలి, అంటే 57. అందుకే 6 శాతం. మూలల సంగతి మరీ ముఖ్యం: బొమ్మలోనే గుండ్రటి మూలల చదరం చిన్నగా వస్తే ఫోన్ మళ్లీ కోసినప్పుడు ఐకాన్ లోపల ఇంకో ఐకాన్ ఉన్నట్టు తెల్లటి అంచు తేలొచ్చు.

ప్రాంప్టు 1: ఏరియేటర్ చక్రం (మొదటి ఎంపిక)

ఉమ్మడి భాగం ప్రకారం, ఆకారం: రొయ్యల చెరువు ఏరియేటర్ తెడ్ల చక్రం, పక్క నుంచి చూసినట్టు, పూర్తి చక్రం. రంగు #FFC233. మొత్తం వ్యాసం కాన్వాసులో 55 శాతం. నడుమ బిళ్ల వ్యాసం 25 శాతం, నిండుగా, మధ్యలో రంధ్రం లేకుండా. దాని చుట్టూ సమాన దూరంలో సరిగ్గా ఆరు తెడ్లు. ప్రతి తెడ్డూ బిళ్ల దగ్గర 7 శాతం వెడల్పు, కొస దగ్గర 15 శాతం. కొసలు తిన్నగా కోసినట్టు ఉండాలి, మూలలు మాత్రం కాస్త మొద్దు. నీళ్లు, తుంపర్లు, తేలే డబ్బాలు, మోటారు వద్దు.

ఈ చక్రం మూడు రకాలుగా తప్పు దోవ పడుతుంది. తెడ్లు పొట్టిగా, బిళ్ల మధ్యలో రంధ్రంతో వస్తే అచ్చం సెట్టింగ్స్ పళ్ల చక్రమే. కింది సగాన్ని నీళ్లలో ముంచితే పొద్దుపొడుపు. కొసలు గుండ్రమైతే పువ్వు. వచ్చిన బొమ్మను బట్టి కింది దిద్దుబాట్లలో ఒక్కటే, ఒకసారికి ఒక్కటే పంపాలి. మూడూ కలిపి పంపితే ఏ మాటకు ఏం మారిందో తెలియదు.

పళ్ల చక్రంలా వస్తే: “అదే బొమ్మ. నడుమ రంధ్రం పూడ్చాలి. తెడ్ల పొడవు కాన్వాసులో 15 శాతానికి పెంచాలి. మిగతాదేదీ మార్చొద్దు.”

సూర్యుడిలా వస్తే: “అదే బొమ్మ. నీటి గీత తీసేయాలి, ఆరు తెడ్లూ పూర్తిగా కనబడాలి. కొస వైపు వెడల్పు, బిళ్ల వైపు సన్నం.”

పువ్వులా వస్తే: “అదే బొమ్మ. తెడ్ల కొసలు వంపు లేకుండా తిన్నగా కోయాలి.”

నీటి గీత వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని లాంచర్లలో వేలితో కదిపినప్పుడు ముందు పొర, నేపథ్యపు పొర వేర్వేరుగా జరుగుతాయి. నేపథ్యంలో నీళ్లు గీస్తే చక్రం నీళ్ల నుంచి విడిపోతుంది.

ప్రాంప్టు 2: రొయ్య

ఉమ్మడి భాగం ప్రకారం, ఆకారం: పక్క నుంచి చూసిన ఒక్క రొయ్య, కుడి వైపు తెరుచుకున్న అరచంద్రంలా వంగి. రంగు తెలుపు. పై కొసన తల మొద్దుగా, వెడల్పు 17 శాతం. కింది కొసన తోక రెండు రెక్కలుగా. ఒంటి మీద అడ్డంగా రెండే సందులు, ఒక్కోటి 6 శాతం, నేపథ్యపు రంగులో. మీసాలు, కాళ్లు, కన్ను, తల ముల్లు వద్దు. నారింజ, ఎరుపు వద్దు.

ఎరుపు వద్దని గట్టిగా చెప్పకపోతే చాలాసార్లు ఎర్ర రొయ్యే వస్తుంది. మామూలుగా రొయ్య ఎర్రబడేది ఉడికాకే. చెరువులో ఉన్న వనామీ రకం రొయ్య పాలిపోయిన బూడిద రంగులో, కాస్త పారదర్శకంగా ఉంటుంది. ఎర్ర రొయ్య ఐకాన్ చూస్తే రైతుకి భోజనం తెప్పించే యాప్ గుర్తొస్తుంది. అసలు రంగు ఎండలో ఆనదు కాబట్టి తెలుపు. ఈ నేపథ్యం మీద దాని కాంట్రాస్ట్ సుమారు 9:1. చక్రం పసుపుకి 5.7:1 వస్తుంది, అదీ చాలు.

ప్రాంప్టు 3: ‘ప’ అక్షరం

1024 × 1024 చదరం, నేపథ్యం ఒకే రంగు #0B4F5C, అంచుల దాకా. మధ్యలో ఏ ఆకారమూ వద్దు, ఖాళీ.

అక్షరాన్ని ప్రాంప్టుతో గీయించొద్దు. తెలుగు అక్షరాలు తరచూ వంకరగా, లేని ఒత్తులతో వస్తాయి. రామభద్ర ఫాంటు నుంచి ‘ప’ తీసి, ఆకారంగా మార్చి పెట్టాలి. తలకట్టుకీ కింది గిన్నెకీ నడుమ సందును 6 శాతానికి చేత్తో పెంచాలి. అది పూడుకుపోతే ‘ప’ కాస్తా ‘వ’ అవుతుంది, పద్దు వద్దైపోతుంది. సందు పెంచాక అక్షరం అందం పాడైతే ఈ ఆలోచనే వదిలేయాలి.

చెక్ ట్రే వలను ప్రాంప్టుగా రాయలేదు. 24 పిక్సెళ్లలో వల గళ్లన్నీ కలిసి బూడిద మరకవుతాయి.

ప్రాంప్టు 4: ఒకే రంగు రూపం

ఎంచుకున్న ఆకారమే, కొలత మారకుండా, తెల్లటి నేపథ్యం మీద నిండు నలుపులో. మధ్యస్థపు బూడిద ఛాయలు వద్దు.

దీన్ని వెక్టరుగా మార్చి, తెలుపంతా తీసేసి పారదర్శకం చేయాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి వచ్చిన థీమ్ ఐకాన్లకూ, నోటిఫికేషన్ ఐకానుకూ ఇదే ఆధారం. నోటిఫికేషన్‌కి పారదర్శకత మాత్రమే లెక్క. నేపథ్యంతో సహా ఇస్తే పైపట్టీలో తెల్ల చదరం కనబడుతుంది.

పరీక్ష

టూల్ శాతాలను కచ్చితంగా పాటించదు, కాబట్టి ప్రతి బొమ్మనూ కొలవాలి. ఈ ఇమేజ్‌మ్యాజిక్ కమాండ్ కనబడే భాగాన్ని కోసి 24కి కుదించి, ఆ పిక్సెళ్లనే ఇరవై రెట్లు పెద్దవి చేస్తుంది:

```
magick chakram.png -gravity center -crop 683x683+0+0 +repage \
  -filter Box -resize 24x24 -filter Point -resize 480x480 test24.png
```

ఆరు తెడ్లను విడివిడిగా లెక్కపెట్టగలిగితే ఉంచాలి. ఏ రెండు తెడ్లు అంటుకున్నా బిళ్లను 27 శాతానికి పెంచి మళ్లీ గీయించాలి. బిళ్ల పెరిగితే తెడ్ల మొదళ్ల మధ్య సందు విస్తరిస్తుంది. నెగ్గిన చక్రాన్ని ప్లే స్టోర్ 512 బొమ్మలో 384 పిక్సెళ్లకు, ఐఫోన్ 1024 బొమ్మలో 700కి సాగదీసి పెట్టాలి. రెండు చోట్లా మూలలు చదరంగానే ఇవ్వాలి, కోత వాళ్లే వేస్తారు.