సబ్జెక్ట్: బిల్లు VJ/2526/0873 (12-11-2025)లో రేటు తప్పు – క్రెడిట్ నోట్ CN/2526/0041, రూ. 9,157 మీ ఖాతాకు జమ

సుబ్బారావు గారికి నమస్కారం.

మొన్న 2వ తేదీన మీరు ఫోన్‌లో చెప్పింది నిజమే. నవంబర్ 12 నాటి బిల్లులో రెండు సరుకులకు పాత రేటు పడింది. తప్పు మా వైపుదే, క్షమించండి. క్రెడిట్ నోట్ ఈ మెయిల్‌కు జత చేశాను.

మీ ఆర్డర్‌ను నవంబర్ 8న సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాం. కొత్త రేట్ల పట్టిక 10 నుంచి అమల్లోకి వచ్చింది. లోడు ఎత్తిన రోజు రేటే వర్తిస్తుందన్నది మన మధ్య ఒప్పందం. కానీ 12న బిల్లు కొట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆర్డర్‌లో ఉన్న రేటునే తెచ్చుకుంది, మా వాళ్లు దాన్ని పట్టికతో సరిచూడలేదు. 10కి ముందు ఎక్కించి ఆ తర్వాత పంపిన మిగతా ఆర్డర్లన్నీ కూడా తీసి చూశాం. మీ పేరు మీద ఇలాంటిది ఇదొక్కటే.

తేడా లెక్క ఇది:

110 ఎంఎం ఎస్‌డబ్ల్యూఆర్ పైపు (3 మీటర్లు), 120 పీసులు: వేసిన రేటు 735, వేయాల్సింది 682. పీసుకు 53 చొప్పున రూ. 6,360.
110 ఎంఎం ప్లెయిన్ బెండ్, 200 పీసులు: వేసిన రేటు 96, వేయాల్సింది 89. పీసుకు 7 చొప్పున రూ. 1,400.
పన్ను లేకుండా తేడా రూ. 7,760. సీజీఎస్టీ 9% రూ. 698.40, ఎస్‌జీఎస్టీ 9% రూ. 698.40. మొత్తం రూ. 9,156.80, రౌండాఫ్‌తో రూ. 9,157.

సాల్వెంట్ సిమెంట్ 24 డబ్బాల రేటు 310 సరైనదే, దానిలో మార్పు లేదు. అంటే రూ. 1,35,511 బిల్లు ఇప్పుడు రూ. 1,26,354 అయింది.

మీ ఖాతా ఇవాళ్టికి (04-12-2025) ఇలా ఉంది:

పాత బాకీ, బిల్లు 0791: రూ. 42,300
బిల్లు 0873: రూ. 1,35,511
నవంబర్ 24న మీ నెఫ్ట్ జమ: రూ. 1,00,000
క్రెడిట్ నోట్ 0041 జమ: రూ. 9,157
మీరు ఇవ్వాల్సిన నికర బాకీ: రూ. 68,654

మీ లక్షలో 42,300 పాత బిల్లుకు పోయి అది తీరిపోయింది, మిగిలిన 57,700ను 0873 కింద వేశాం. కాబట్టి ఈ 68,654 మొత్తం 0873దే. గడువు మారలేదు, 45 రోజుల లెక్కన డిసెంబర్ 27. చెక్కు ముందే రాసి ఉంచుకుని ఉంటే పాత మొత్తం 77,811తో పంపకండి.

బిల్లునే రద్దు చేసి కొత్తది ఇవ్వమని మీరు అడిగారు. ఈ-ఇన్వాయిస్‌ను పోర్టల్‌లో 24 గంటల లోపే రద్దు చేయగలం, ఆ సమయం ఎప్పుడో దాటింది. అందుకే సీజీఎస్టీ చట్టం సెక్షన్ 34 కింద క్రెడిట్ నోట్ ఇచ్చాం. దీనికీ ఐఆర్‌ఎన్, క్యూఆర్ కోడ్ ఉన్నాయి. పాత బిల్లును మీ ఫైల్లోంచి తీసేయకండి, రెండూ కలిపే ఉంచండి.

మీ అకౌంటెంట్ గారికి ఈ విషయాలు చెప్పండి. టాలీలో దీన్ని డెబిట్ నోట్‌గా, 0873కు ఎదురుగా ఎక్కించాలి. సరుకు వెనక్కి రాలేదు, తగ్గింది ధర మాత్రమే. పైపులు 120 అని పీసులతో ఎక్కిస్తే మీ స్టాక్‌లో 120 పైపులు మాయమవుతాయి. ఏడాది చివర లెక్క కలవక వెతుక్కునేది చాలాసార్లు ఇక్కడే. పరిమాణం లేకుండా విలువ మాత్రమే వేయమనండి.

నవంబర్ జీఎస్టీఆర్-2బీలో బిల్లు పూర్తి పన్నుతో, అంటే రూ. 20,671.20తో కనిపిస్తుంది. క్రెడిట్ నోట్ మా డిసెంబర్ జీఎస్టీఆర్-1లో వెళ్తుంది, కనుక జనవరి 14న వచ్చే 2బీలో మీకు చేరుతుంది. ఐఎంఎస్‌లో దాన్ని అంగీకరించండి. అప్పుడు రూ. 1,396.80 ఐటీసీ దానంతటదే తగ్గి 3బీలోకి వస్తుంది. అదే మొత్తాన్ని 4(బీ)(2)లో మళ్లీ చేత్తో వేస్తే రెండుసార్లు తగ్గుతుంది. తిరస్కరిస్తే ఆ పన్ను భారం మాపై పడుతుంది, కాబట్టి ఏదైనా అనుమానం ఉంటే ముందు నాకు ఒక్క ఫోన్ చేయమనండి.

ఇంకో మాట. పాత రేటు చూసి 735 మీద మార్జిన్ కట్టి పైపుల అమ్మకం ధర పెట్టి ఉంటే, 682 ప్రకారం ఒకసారి సరిచూసుకోండి. ఇప్పటికే వేసిన కొటేషన్లు ఉంటే వాటిని కూడా.

పైన రాసిన నిల్వ మీ పుస్తకాలతో సరిపోతే "సరే" అని ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వండి, ఖాతా నిర్ధారణగా దాచుకుంటాను. తేడా ఉంటే మీ లెడ్జర్ పంపండి, అదే రోజు వరుసవారీగా చూసి చెబుతాను.

జతపరచినవి: క్రెడిట్ నోట్ CN/2526/0041, బిల్లు VJ/2526/0873 నకలు, నవంబర్ 10 రేట్ల పట్టిక, మీ ఖాతా స్టేట్‌మెంట్.

నమస్కారాలతో,
రమాదేవి
అకౌంట్స్ విభాగం, విజయవాడ డిపో