వీలునామా విషయమై బాబాయికి ఉత్తరం

పుణె,
డిసెంబర్ 8

బాబాయికి నమస్కారాలు.

పిన్ని మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. మీరు పంపిన వీలునామా డ్రాఫ్టు రెండుసార్లు చదివాను. అందులో వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటర్‌గా నా పేరు చూసి కళ్ళు చెమర్చాయి. నాన్న పోయాక నన్ను పెద్దకొడుకులా చూశారు. ఆ మాట ఇప్పుడు కాగితం మీద కూడా పెట్టారు. అయినా ఆ బాధ్యత నేను తీసుకోలేను బాబాయ్. ఫోన్‌లో అయితే నసిగి చివరికి సరేననేస్తానని ఉత్తరం రాస్తున్నాను.

మా మామగారు పోయినప్పుడు ఈ పని కొంత నా మీదే పడింది. ఒక ఇల్లు, నాలుగు డిపాజిట్లు, అంతే. బ్యాంకులో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనకుంది. ఆ ఒక్క తేడాకే అఫిడవిట్లంటూ మూడుసార్లు తిప్పారు. మొత్తం తేలడానికి రెండేళ్ళు పట్టింది, నా సెలవులన్నీ దానికే పోయాయి. మీకైతే తెనాలి ఇల్లు, కొల్లిపర పొలం, కౌలు లెక్కలు, పిన్ని బంగారం ఉన్నాయి. పాస్‌బుక్‌లో పేరు మార్పిడి, మున్సిపాలిటీ పన్ను, బాకీలు, వీటన్నిటికీ మనిషి అక్కడే ఉండాలి. నేనేమో ఏడాదికి రెండుసార్లు వచ్చేవాణ్ణి. పైగా నాకూ 59 వచ్చాయి.

ఇంకో మాట కూడా ఉంది, దాచను. తమ్ముళ్ళిద్దరూ, చెల్లీ నాకు ఒక్కటే. రేపు లెక్కలో తేడా వచ్చి ఎవరైనా నన్ను అడిగితే జవాబు చెప్పగలను గానీ, ఆ తర్వాత సంక్రాంతికి మునుపటిలా ఆ గుమ్మం ఎక్కగలనా అని భయం.

గుంటూరు చెల్లి పేరు ఆలోచించండి. బ్యాంకులో పని చేసింది, మీ కాగితాలన్నీ దానికి తెలుసు, అరగంటలో వస్తుంది. వాటా ఉన్నవాళ్ళు ఎగ్జిక్యూటర్‌గా ఉండకూడదని చట్టంలో లేదు. దాన్ని ముందు అడిగి, ఒప్పుకుంటేనే రాయండి. తను కాలేకపోతే ఇంకొకరని రెండో పేరు కూడా రాయించండి. ఇంకా సంతకాలు కాలేదు కాబట్టి ప్లీడరుగారు ఆ ఒక్క పేరా మారిస్తే చాలు. ఇప్పుడు మొహమాటానికి ఊ అని, తర్వాత నేను తప్పుకుంటే పిల్లలు కోర్టుకెళ్ళాల్సి రావచ్చు.

నా వంతు పని నేను చేస్తాను. సంక్రాంతికి మూడు రోజులు ముందే వచ్చి డిపాజిట్లు, దస్తావేజులు, లాకరు వివరాలు అన్నీ ఒక పుస్తకంలో రాసిపెడతాను. సాక్షి సంతకానికి కూడా రెడీ. నాకేమీ రాయలేదు కదా, ఆ పనికి పనికొస్తాను!

తమ్ముళ్ళకి ఈ సంగతి మీ నోటితో వినడమే బాగుంటుంది. నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు. కోపం వస్తే ఫోన్ చేసి తిట్టండి. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

మీ
రఘు