‘పుట్టింటికొచ్చింది’: తాబేళ్ల క్యాంపెయిన్ తెలుగు క్యాప్షన్లు, విశాఖ

మేడం గారికి నమస్కారం.

తాబేళ్ల కోసం బీచ్ వైపు లైట్లు కట్టేయమంటూ మీరు పంపిన ఇంగ్లిష్ పోస్టులన్నీ చూశాను. తెలుగు క్యాప్షన్లు కింద ఇస్తున్నాను, అలాగే కాపీ చేసి పెట్టుకోవచ్చు. ఎక్కడ ఎందుకు మార్చానో కూడా రాశాను. మీ బెంగళూరు ఆఫీసులో ఎవరైనా ‘ఒరిజినల్‌లో ఇలా లేదే’ అంటే చూపించడానికి పనికొస్తుంది.

ముందు స్లోగన్ సంగతి. ‘గో డార్క్ ఫర్ టర్టిల్స్’ ఇంగ్లిష్‌లో బాగానే ఉంది. దాన్ని ‘తాబేళ్ల కోసం చీకటి చేయండి’ అని రాస్తే మన ఇళ్లలో ఎవరూ హర్షించరు. ‘దీపం ఆర్పండి’ అంటే ఇంకా అపశకునం. మా అమ్మ అయితే ఆ మాట నోటితో కూడా అనదు, ‘దీపం కొండెక్కింది’ అంటుంది. అందుకే మొత్తం క్యాంపెయిన్‌లో దీపం, చీకటి, ఆర్పడం అనే మాటలు వాడలేదు. ‘లైటు కట్టేయండి’ అన్నాను. ఇంట్లో రోజూ అనుకునే మాట అది.

ఇక అసలు ఆలోచన. ఆలివ్ రిడ్లీ ఆడ తాబేలు తాను పుట్టిన తీరప్రాంతానికే తిరిగొచ్చి గుడ్లు పెడుతుంది. మనకి ఇంతకన్నా తెలిసిన కథ ఏముంది? పురిటికి పుట్టింటికి రావడమే కదా. కాకపోతే ఒక చిక్కు వచ్చింది. ఆడపడుచు వస్తే మనం ఇంటినిండా లైట్లు వేస్తాం, ఇక్కడేమో కట్టేయమంటున్నాం. రెండు రోజులు ఇదే పట్టుకుని కూర్చున్నాను. చివరికి ఆ చిక్కునే మొదటి లైను చేశాను.

ఇన్‌స్టాగ్రామ్ (రీల్ కింద)

> ఆడపడుచు పుట్టింటికొస్తే ఇంటినిండా లైట్లు వేస్తాం. ఈ ఆడపడుచుకి మాత్రం కట్టేయాలి 🐢
>
> ఆలివ్ రిడ్లీ తాబేలు తాను పుట్టిన తీరానికే పురిటికి వస్తుంది. రాత్రిపూట ఇసుకలో గొయ్యి తీసి, వందదాకా గుడ్లు పెట్టి, మళ్లీ ఇసుక కప్పి సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్లల్ని చూసుకోవడానికి ఇక రాదు.
>
> 45 నుంచి 60 రోజుల తర్వాత పిల్లలు రాత్రిపూట బయటికొస్తాయి. వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. ఒకప్పుడు ఆ వెలుతురు సముద్రం మీద ఉండేది. ఇప్పుడు మన బాల్కనీలో ఉంది.
>
> బీచ్ వైపు లైటు స్విచ్ మీ ఇంట్లో ఎవరి చేతిలో ఉందో వాళ్లని ట్యాగ్ చేయండి 👇
>
> #పుట్టింటికొచ్చింది #వైజాగ్ #OliveRidley #VizagBeach

ఇన్‌స్టాలో ‘మోర్’ నొక్కకముందు కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. అందుకే ఆడపడుచు మాట ముందు పెట్టాను. మీ ఇంగ్లిష్‌లో మొదటి లైను నిండా ఎమోజీలే ఉన్నాయి, అవి చూసి ఎవరూ ఆగరు.

ఎమోజీల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నల్ల గుండె 🖤 తీసేశాను. ఇంగ్లిష్‌లో అది ‘డార్క్’ అన్నదానికి జోడీ కావచ్చు, మన వాళ్లు మాత్రం ఎవరో పోయారనుకుంటారు. ముఖం ఉన్న నల్ల చందమామ 🌚 ఇక్కడి కుర్రాళ్లకి వెటకారం. మెరుపులు ✨ మరీ విడ్డూరం: లైట్లు కట్టేయమంటూ పోస్టు నిండా మెరుపులు చల్లారు! గుడ్డు 🥚 కూడా వద్దు. అది చూస్తే ఎవరికైనా ఆమ్లెట్టే గుర్తొస్తుంది. ఒక్క తాబేలు చాలు.

‘ట్యాగ్ యువర్ డార్క్ సైడ్’ అన్నది వదిలేశాను. ఆ చమత్కారం తెలుగులోకి రాదు, రప్పించాలని ప్రయత్నించినా ఎబ్బెట్టుగా ఉంది.

వీడియోలో ఒక తప్పుంది, దిద్దక తప్పదు. ‘వేలాది తాబేళ్లు ఒకేసారి ఒడ్డుకొస్తాయి’ అని వాయిస్‌లో ఉంది. అది ఒడిశాలో, గహిర్‌మాథ, రుషికుల్య దగ్గర జరిగేది. మన విశాఖ తీరానికి ఒక్కొక్కటిగా వస్తాయి. పైగా రుషికుల్య అని తెర మీద పడితే ఇక్కడ సగం మంది మన రుషికొండ బీచ్ అని చదువుకుని, మర్నాడు రాత్రి వేల తాబేళ్లని చూడ్డానికి కార్లేసుకుని అక్కడికి బయల్దేరతారు. ఆ వాక్యం బదులు ఇది చదివించండి: ‘మన తీరానికి గుంపుగా రావు. ఒక్కతే వస్తుంది, ఎవరూ చూడనప్పుడు.’

ఎక్స్

> గుడ్డులోంచి బయటికొచ్చిన తాబేలు పిల్ల వెలుతురు వైపు నడుస్తుంది. లైట్లు బీచ్ వైపు ఉంటే సముద్రం అనుకుని రోడ్డెక్కుతుంది. జనవరి నుంచి మే దాకా బీచ్ వైపు తిరిగిన లైట్లు రాత్రిపూట కట్టేయండి. రోడ్డు లైట్లు కాదు, బీచ్ వైపువి. #పుట్టింటికొచ్చింది #Visakhapatnam

ఇక్కడ ఆడపడుచు లేదు, ఎమోజీ కూడా లేదు. ఎక్స్‌లో మన పోస్టు చదివేది విలేకరులు, అధికారులు, వాళ్లతో వాదించేవాళ్లు. విషయం సూటిగా ఉంటేనే రీపోస్టు చేస్తారు. 280 లోపే సరిపెట్టాను. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కకొస్తాయి కాబట్టి కంటికి చిన్నదిగా కనిపించే వాక్యం కూడా గబుక్కున నిండిపోతుంది. మీ వాళ్లెవరైనా చివర్లో ఇంకో ట్యాగ్ తగిలించాలనుకుంటే ముందు నాకు చెప్పమనండి.

చివరి వాక్యం కావాలనే పెట్టాను. బీచ్ రోడ్డులో లైట్లు తీసేస్తే రాత్రిపూట ఆడవాళ్లు ఎలా నడుస్తారని మొదటి గంటలోనే ఎవరో ఒకరు అడుగుతారు. అడగాల్సిన మాటే. ఇంగ్లిష్ పోస్టుల్లో దానికి ఎక్కడా జవాబు లేదు. కామెంట్లలో పెట్టడానికి ఇది ఉంచుకోండి:

> రోడ్డు లైట్లు ఆపమనడం లేదండీ. ఇసుక మీదకి తిరిగిన ఫ్లడ్‌లైట్లు, బాల్కనీలో సీరియల్ లైట్లు, హోటల్ వెనకవైపు లైట్లు, ఇవే మా బాధ. తప్పనిసరిగా లైటు ఉండాల్సిన చోట కిందికి వంచి, పైన మూత పెట్టి, తెల్ల లైటు బదులు నారింజ లేదా ఎరుపు రంగుది పెడితే పిల్లలు దారి తప్పడం తగ్గుతుంది.

ఫేస్‌బుక్

> మీ చిన్నప్పుడు రాత్రి పూట బీచ్‌కి వెళ్తే ఎలా ఉండేది? ఇంత వెలుతురు ఉండేదా?
>
> విశాఖ తీరానికి ఏటా చలికాలం చివర్లో ఒక అతిథి వస్తుంది. అతిథి అనడం కూడా తప్పే, ఈ తీరంలో పుట్టిన బిడ్డే, ఆలివ్ రిడ్లీ తాబేలు. జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వైపు ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. వాటిని కుక్కలు, నక్కలు తవ్వేయకుండా అటవీశాఖ వాళ్లు సేకరించి, కంచె వేసిన చోట ఇసుకలో మళ్లీ పాతి కాపాడుతుంటారు. పిల్లలు బయటికొచ్చాక సముద్రంలోకి వదులుతారు.
>
> వాళ్ల కంట పడని గూళ్లు కూడా ఉంటాయి. ఆ పిల్లలకి ముఖ్యంగా దారి చూపించేది సముద్రం మీది వెలుతురే. మన లైట్లు దాన్ని మించిపోతే అవి రోడ్డు వైపు వచ్చేస్తాయి.
>
> రాత్రి నడకకి వెళ్లినప్పుడు తాబేలు కనిపిస్తే దూరంగా ఆగండి. ఫ్లాష్ వేసి ఫొటో తీయకండి, మనవళ్లని దాని మీద కూర్చోబెట్టకండి. అటవీశాఖ వాళ్లకి చెప్పండి. 🙏
>
> మీరు చూసిన పాత బీచ్ గురించి కామెంట్లలో రాయండి.
>
> #పుట్టింటికొచ్చింది #విశాఖతీరం

ఇన్‌స్టాలో వైజాగ్, ఇక్కడ విశాఖ. ఫేస్‌బుక్‌లో తీరిగ్గా చదివేది రిటైరైన వాళ్లు, వాళ్ల పిల్లలు. ‘మీ చిన్నప్పుడు’ అంటే ఆగుతారు. దండం ఎమోజీ ఈ ఒక్క పోస్టులోనే అందం. మనవళ్ల మాట చూసి నవ్వుతారేమో, ఉంచండి. అది ఎక్కడా జరగనిది కాదు.

శ్రీకూర్మం ప్రస్తావన పెడదామని మీరు ఫోన్లో అన్నారు. నాకూ మనసు లాగింది, శ్రీకాకుళం జిల్లాలోనే కూర్మనాథుడి గుడి ఉంది మరి. కానీ పెట్టలేదు. అది రాగానే కామెంట్లన్నీ దేవుడి వైపు వెళ్లిపోతాయి, లైటు స్విచ్ సంగతి ఎవరూ మాట్లాడరు.

వాట్సాప్ (అపార్ట్‌మెంట్ గ్రూపులకి)

> *బీచ్ వైపు ఫ్లాట్ల వారికి మనవి*
>
> రాత్రి 8 నుంచి ఉదయం 5 వరకు బీచ్ వైపు బాల్కనీ లైట్లు, టెర్రస్ లైట్లు కట్టేయగలరు. తాబేలు పిల్లలు బయటికొచ్చే రోజులివి. ఆ వెలుతురుకి దారి తప్పి రోడ్డు మీదికి వస్తున్నాయి.
>
> ఇంటి లోపలి లైట్లకి కర్టెన్ వేసుకున్నా చాలు. మెట్ల దగ్గర, గేటు దగ్గర లైట్లు మామూలుగానే ఉంటాయి.

హ్యాష్‌ట్యాగ్ లేదు, పుట్టిల్లు లేదు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ నీళ్ల ట్యాంకు గురించి పెట్టే మెసేజ్‌లా ఉంటేనే అందరూ చదువుతారు. కవిత్వం కనిపిస్తే ఫార్వర్డ్ అనుకుని తోసేస్తారు.

వాట్సాప్ (జాలరిపేట గ్రూపులకి, వాయిస్ మెసేజ్)

ఇంగ్లిష్‌లో ‘ట్రాలర్ల మీద ఫిర్యాదు చేయండి’ అనే పోస్టు ఉంది. దాన్ని తెలుగులో పెట్టనివ్వను, దయచేసి ఒత్తిడి చేయకండి. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో ఆ పోస్టు పెడితే మర్నాటి నుంచి పేటల్లో మన మాట వినేవాళ్లుండరు. బదులుగా ఇది పేటలోని పెద్దాయన ఒకరితో చెప్పించి పంపుదాం. రాసి పంపితే చదవరు, గొంతు అయితే బోటు మీద కూడా వింటారు.

> అన్నా, తాబేలు చేప కాదు, ఊపిరి కోసం పైకి రావాలి. వలలో ఎక్కువసేపు ఉండిపోతే ఊపిరాడక చచ్చిపోతాది. వల లాగినప్పుడు కదలకుండా ఉందనుకో, చచ్చిపోయిందని వెంటనే పారేయకు. పొట్ట కిందికి ఉండేలా పెట్టి, వెనకవైపు ఆరంగుళాలు ఎత్తు చేయి. లోపలికెళ్లిన నీళ్లు కారిపోతాయి. ఎండ తగలకుండా తడిగుడ్డ కప్పి ఉంచు, గంటల తరబడి పట్టొచ్చు. కదిలిందంటే ఇంజన్ ఆపి, నెమ్మదిగా నీళ్లలోకి ఒగ్గేయ్. ఏప్రిల్ 15 నుంచి ఎలాగూ వేట బంద్. అప్పటిదాకా మనమే చూసుకోవాలి.

‘ఒగ్గేయ్’ని ‘వదిలేయ్’ అని దిద్దకండి. చదివే ఆయన ఇంకేమైనా మాటలు తన పద్ధతిలో మార్చుకుంటే మార్చుకోనివ్వండి, ఆరంగుళాలు, ఎండ, ఇంజన్ ఈ మూడూ ఉంటే చాలు.

యూట్యూబ్ షార్ట్స్

> శీర్షిక: లైటు చూసి దారి తప్పింది, సముద్రం ఎటు? | వైజాగ్ తాబేలు పిల్ల
>
> వివరణ: తాబేలు పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి. బీచ్ వైపు లైట్లు కట్టేయండి. #పుట్టింటికొచ్చింది #Vizag #OliveRidley

లింక్డ్‌ఇన్ పోస్టు ఇంగ్లిష్‌లోనే ఉంచేయండి. అక్కడ చూసే హోటల్ మేనేజర్లకి అదే సరిపోతుంది. గుండె ఎమోజీ మాత్రం తీసేయండి.

ట్యాగుల్లో ఒక జాగ్రత్త. #పుట్టింటికొచ్చింది అన్నిచోట్లా ఇదే స్పెల్లింగ్, ‘పుట్టింటికి_వచ్చింది’ అని ఎవరూ మార్చకూడదు. ‘ఆర్‌కె బీచ్’ లాంటి పేర్లు ట్యాగ్‌లో వద్దన్నది కూడా అందుకే. చివరి పొల్లు తర్వాత కొన్ని కీబోర్డుల్లో కంటికి కనిపించని అక్షరం ఒకటి పడుతుంది, కొన్నిటిలో పడదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా రెండు వేరే ట్యాగులైపోతాయి.

వాయిస్ మెసేజ్‌కి పెద్దాయనతో శనివారం పొద్దున్న మాట్లాడతాను, వేటకెళ్లి వచ్చాక. అప్పటిదాకా అపార్ట్‌మెంట్ మెసేజ్ ఒకటి మీ బ్లాక్‌లోనే పెట్టి చూడండి. ఎన్ని బాల్కనీలు కట్టేశారో రాత్రి కింద ఇసుకలో నిలబడి లెక్కపెడితే మనకే తెలుస్తుంది.