పరాభవ నామ ఉగాది: కాశీబుగ్గ జీడిపప్పు మిల్లు నుంచి మా కొనుగోలుదార్లకు

రాజమహేంద్రవరం మిఠాయి కొట్టుకు, సరుకుతో పాటు పంపిన ఉత్తరం

కాశీబుగ్గ,
17 మార్చి 2026

సుబ్బారావు బాబాయిగారికి,

నమస్కారం. ఎల్లుండి ఉగాది. మీకు, పిన్నిగారికి, కొట్లో పనిచేసే అందరికీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు.

ఫోన్లో చెప్తే సరిపోయేది కదా అంటారు. పండగ పూట మీ ఫోను ఖాళీగా ఉండదు. ఉన్నా మీరు "ముందు రేటు చెప్పు" అనే మొదలుపెడతారు. ఇందులో రేటు రాయడం లేదు, నిశ్చింతగా చదవండి.

మొన్న పాత బిల్లు పుస్తకాలు సర్దుతుంటే 2018 అక్టోబరుది చేతికొచ్చింది. ఆ నెల 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పక్కనే తీరం దాటింది. ఉద్దానంలో జీడి చెట్లూ కొబ్బరి చెట్లూ వేళ్లతో సహా పడిపోయాయి. మిల్లుకు కరెంటు లేదు, పనివాళ్లలో చాలామంది ఇళ్లకు కప్పు లేదు. దీపావళి దగ్గర పడుతోంది, మీకు రావాల్సిన సరుకు ఇక్కడే ఉండిపోయింది. మీరు ఇంకో చోట కొనుక్కున్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. మీరు మాత్రం గడువు ఇంకా ఉండగానే పాత బాకీ మొత్తం పంపేశారు. ఆ వారం కూలీలు నాన్న ఆ డబ్బుతోనే ఇచ్చారు. ఈ సంగతి ఆయన మీతో ఎప్పుడూ చెప్పి ఉండరు. కృతజ్ఞత మనసులో ఉంచుకోవడమే గానీ బయటికి చెప్పడం ఆయనకు చేతకాదు. ఇన్నేళ్లకైనా ఇంట్లో ఎవరో ఒకరు చెప్పాలి కదా, అందుకే రాస్తున్నాను.

నాన్న ఆరోగ్యం బాగుంది. లెక్కలన్నీ నాకు వదిలేశారు గానీ గ్రేడింగ్ బల్ల మాత్రం వదల్లేదు. మీ డబ్బాల్లోకి వెళ్లే 240 గుండు ఇప్పటికీ ఆయన కళ్లముందు నుంచి పోవాల్సిందే. ఆడవాళ్లు ఏరిన దాన్ని ఈయన మళ్లీ ఏరతారు. వాళ్లు నవ్వుకుంటారు, ఆయన పట్టించుకోరు.

ఇంకొక్క మాట. సంక్రాంతి సరుకు మీ అబ్బాయి చెప్పాడు. చెబుతూ "కట్లీకి రుబ్బేదానికి గుండు ఎందుకండీ, బద్ద సరిపోదా?" అని అడిగాడు. అతను అడిగింది సబబే. పైన అలంకారానికి గుండు కావాలి గానీ, రుబ్బి పాకంలో వేసేదానికి తెల్ల బద్ద చాలు, తేడా తెలియదు. మాకు గుండు అమ్మితేనే లాభం కాబట్టి ఈ మాట నేను చెప్పకూడదేమో. అయినా ఈసారి కట్లీ సరుకు బద్దే పంపాను, బిల్లు కూడా దానికి తగ్గట్టే వేశాను. మీకు నచ్చకపోతే లారీ వెనక్కి వచ్చేటప్పుడు పంపేయండి, గుండు ఇస్తాను. అబ్బాయిని మాత్రం కోప్పడకండి, వ్యాపారం వంటబట్టింది.

పై డబ్బా మీద కట్టిన చిన్న పొట్లం బిల్లులో లేదు. అది కాల్చిన పప్పు, పిన్నిగారికి.

నమస్కారాలతో,
లోకనాథం

హైదరాబాద్ బేగంబజార్ హోల్‌సేల్ వ్యాపారికి, వాట్సాప్‌లో

సలీం భాయ్, నమస్తే. ఈ ఏడు మా ఉగాదికీ మీ పండక్కీ మధ్య రెండు రోజులు కూడా ఉండేట్టు లేదు. మీ ఇంట్లో అందరికీ ఉగాది శుభాకాంక్షలు, ముందుగానే ఈద్ ముబారక్. షీర్ ఖుర్మా గిరాకీలో మీకు తిండికి కూడా తీరిక ఉండదని తెలుసు, జవాబు ఇవ్వనక్కర్లేదు. రంజాన్ నెలంతా ఉపవాసం ఉంటూనే లోడు దిగిన ప్రతిసారీ "సరుకు అందింది" అని తప్పకుండా ఒక్క ముక్క పెట్టారు. ఆ ఒక్క ముక్క కోసం ఇక్కడ మా డ్రైవరు ఇంటివాళ్లు కూడా ఎదురుచూస్తారు. పండగ హడావుడి తగ్గాక మాట్లాడుకుందాం.
లోకనాథం, కాశీబుగ్గ

విజయనగరం క్యాటరింగ్ యజమానికి

శ్రీను గారూ, ఉగాది శుభాకాంక్షలు. పది కిలోల డబ్బా ఒకసారి తెరిస్తే వంటశాల ఆవిరికి పప్పు మెత్తబడిపోతోందని, కిలో ప్యాకెట్లు చేసి ఇమ్మని పోయినేడు మీరు అడిగారు. అప్పుడు మాకు అదనపు పనిలా అనిపించింది. ఇప్పుడు మిగతా క్యాటరింగ్ వాళ్లంతా అవే అడుగుతున్నారు. ఆ పేరు మీకే దక్కాలి. రాబోయే పెళ్లిళ్లలో మీ గాడిపొయ్యి ఆరకుండా ఉండాలని, మధ్యమధ్యలో మీకు మాత్రం కాస్త నిద్ర దొరకాలని కోరుకుంటూ,
లోకనాథం

విశాఖపట్నంలో ఇంటి దగ్గరే బిస్కెట్లు చేసి అమ్మే కొత్త ఖాతాదారుకు

స్వాతి గారికి నమస్కారం. మన పరిచయానికి ఇది మొదటి ఉగాది, శుభాకాంక్షలు. జనవరిలో మీరు మా ముక్కతో చేసిన బిస్కెట్లు ఒక డబ్బా పంపారు గుర్తుందా? పొట్టు తీసే ఆడవాళ్ల చేతికే ఇచ్చాం. రోజూ పప్పు ఒలిచేవాళ్లకి, అది చివరికి ఏమవుతుందో తినిపించి చూపించినవాళ్లు మీరొక్కరే. "ఆ పాప ఆర్డరు ఎప్పుడొస్తాది?" అని వాళ్లు నన్ను అడుగుతున్నారు. ఆర్డరు చిన్నదని మీరు ప్రతిసారీ మొహమాటపడుతున్నారు, ఆ అవసరం లేదు. అయిదు కిలోలైనా అదే బల్ల మీద, అదే చేతులతో ఏరతాం. మీ పొయ్యి, మీ పేరు రెండూ పెరగాలి.
లోకనాథం

కొంతకాలంగా సరుకు తీసుకోని కాకినాడ వ్యాపారికి

సత్యనారాయణ గారికి,

ఉగాది శుభాకాంక్షలు. దసరా తర్వాత మన మధ్య సరుకు నడవలేదు. కారణం అడగడానికి గానీ కొత్త రేట్లు చెప్పడానికి గానీ రాయడం లేదు. వ్యాపారంలో ఎవరి లెక్క వాళ్లకు ఉంటుంది, మీరు సరిగ్గానే ఆలోచించుకుని ఉంటారు. లెక్కల పరంగా కూడా మన మధ్య రూపాయి బాకీ లేదు. కానీ మీరు పలాస మీదుగా రైల్లో వెళ్లిన ప్రతిసారీ బండి ఆగిన కాసేపట్లోనే ఫోన్ చేసి నాన్నని పలకరించేవారు. ఆయన అడుగుతున్నారు. సరుకు సంగతి ఎలా ఉన్నా, ఈసారి ఇటు వస్తే ఆ ఫోన్ చేయండి. వీలైతే బండి దిగి భోజనానికి రండి. పాప పరీక్షలు బాగా రాసిందని తలుస్తాను.

మీ
లోకనాథం

మిగతా అందరికీ, సరుకు బిల్లుతో పాటు పెట్టే కార్డు

మా పప్పు కొంటున్న మీకు, మీ కుటుంబానికి, మీ దగ్గర పనిచేసేవారికి పరాభవ నామ ఉగాది శుభాకాంక్షలు. కొత్త జీడిపిక్కలు తోటల నుంచి రావడం మొదలైంది. మిల్లుకు ఉగాది రోజు సెలవు, మర్నాటి నుంచి మామూలే. నిరుటి సరుకులో మీకు నచ్చనిది ఏదైనా ఉంటే ఈ కార్డు వెనకాలే రాసి డ్రైవరు చేతికివ్వండి. నేరుగా నాకే ఇస్తాడు.

లోకనాథం, నాన్నగారు, మిల్లులో అందరూ
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా