తమ్ముడి లైన్ గ్రూపు స్క్రీన్‌షాట్: మాటలు, బొమ్మలు, వాటి వెనుక స్వరం

పిన్నికి, బాబాయికి నమస్కారాలు.

జపానులో పనిచేస్తున్న తమ్ముణ్ణి తోటివాళ్లు ఎగతాళి చేశారేమోనని మీరు పంపిన, లైన్ అనే మెసేజ్‌ల యాప్‌లోని గ్రూపు స్క్రీన్‌షాట్‌ను, దానికి అనువాద యాప్ ఇచ్చిన తెలుగును పక్కపక్కన పెట్టుకుని ప్రతి పంక్తీ చదివాను. ముందుగా మీ మనసు కుదుటపడే మాట చెబుతాను. ఆ గ్రూపులో తమ్ముణ్ణి ఎవరూ చులకన చేయలేదు, వాడి దేశాన్నీ రంగునూ ఎత్తిపొడవలేదు. వాళ్లు నవ్విన మాట నిజమే గాని, అది తమలో ఒకడైనవాడి పొరపాటుకు వచ్చిన నవ్వు. అయితే ఆ నవ్వు చూసి బాధపడుతున్న తొందరలో, దాని కిందే మెత్తగా వచ్చిన ఒక నిజమైన మందలింపును మీరూ వాడూ కూడా గమనించలేదు. దానికి వాడు ఇంకా జవాబు కూడా ఇవ్వలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. చదివాక దీన్ని తమ్ముడికి కూడా పంపండి.

అన్నిటికంటే పైన కనిపించే 2階なかま (8) అనేది గ్రూపు పేరు. ‘రెండో అంతస్తు జట్టు’ అని అర్థం. ఎనిమిది మంది సభ్యులు. కుడివైపున ఆకుపచ్చ గడుల్లో ఉన్నవి తమ్ముడి మాటలు, ఎడమవైపున ఉన్నవన్నీ తోటివాళ్లవి. రాత్రి 22:14 అన్నది జపాను సమయం, అంటే మనకు సాయంత్రం 6:44. ఆ సమయానికి వాడు రాసినది ఇది:

木曜日の冶金をかわっていただけませんか。

వాడు రాయాలనుకున్నది ‘గురువారం నా నైట్ డ్యూటీ ఎవరైనా తీసుకుంటారా, దయచేసి’ అని. వాక్యం చాలా మర్యాదగా, పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంది. కాని నైట్ డ్యూటీని ‘యాకిన్’ అంటారు, 夜勤 అని రాస్తారు. అదే ఉచ్చారణతో 冶金 అని మరో మాట ఉంది, దానికి ఖనిజం నుంచి లోహం తీసి శుద్ధి చేసే పని అని అర్థం. ఫోన్‌లో శబ్దం టైపు చేస్తే అక్షరాల జాబితా వస్తుంది, అందులోంచి సరైనది ఎంచుకోవాలి. వాడి వేలు పక్కదాని మీద పడింది. దాంతో వృద్ధుల సంరక్షణ గృహంలో పనిచేసే కుర్రవాడు, రాత్రి పది దాటాక, అతి వినయంగా ‘గురువారం కొలిమి పనికి నా బదులు ఎవరైనా వెళ్తారా, దయచేసి’ అని అడిగినట్టయింది. ఇలాంటి పొరపాటు జపాను వాళ్లకు కూడా రోజూ జరుగుతుంది, ఎవరికి జరిగినా ఇలాగే నవ్వుకుంటారు.

తరువాతి పంక్తి 冶金www. ఆ మూడు డబ్ల్యూలు వెబ్‌సైటు చిరునామా కాదు. జపాను భాషలో నవ్వుకు ‘వరాయ్’ అంటారు, దాన్ని ఇంగ్లీషు లిపిలో రాస్తే వచ్చే మొదటి అక్షరమే నవ్వుకు గుర్తుగా మిగిలింది. ఎన్ని డబ్ల్యూలుంటే అంత నవ్వు. దీని స్వరాన్ని తెలుగులో చెప్పాలంటే ‘కొలిమి పనా! హహహ’ అనాలి.

ఇక మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా నొప్పించిన పంక్తి దాని కిందిది. ఒకే ఒక్క అక్షరం, 草. యాప్ దాన్ని ‘గడ్డి’ అని చెప్పింది. మన భాషలో ‘గడ్డి తింటున్నావా’ అంటే ఎంత మాటో నాకు తెలియనిది కాదు. మీరు ‘మా వాణ్ణి గడ్డి తినేవాడంటున్నారా’ అని కళ్లనీళ్లు పెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. కాని ఆ అక్షరంలో తినడమూ లేదు, తిట్టూ లేదు. wwww అని వరుసగా రాస్తే నేలలోంచి మొలిచిన పచ్చికలా కనిపిస్తుంది గదా, అందుకని ఆ వరుస మొత్తానికీ బదులుగా జపాను కుర్రకారు ‘కుసా’ అని గడ్డిని సూచించే అక్షరం పెట్టడం మొదలుపెట్టారు. అంటే అది కూడా నవ్వే. www కంటే కొంచెం పొడిగా, ‘భలే ఉందిరా ఇది’ అన్న తీరులో ఉంటుంది. అపరిచితుల మధ్య వాదనలో ఎదుటివాడి మాటకు 草 అని పెడితే అది వెటకారం అవుతుంది, ఆ సంగతీ మీకు దాచను. ఇక్కడ అలా కాదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, అదే మనిషి వెంటనే పంపిన స్టిక్కరు.

ఆ స్టిక్కరులో కుందేలు వెల్లకిలా పడి, కళ్ల నుంచి నీళ్లు చిమ్ముతూ నేలను గుద్దుతోంది. అది ఏడుస్తోందని మీరు అనుకున్నారు. బొమ్మ పైన ఉన్న 腹筋崩壊 అనే నాలుగు అక్షరాలకు ‘పొట్ట కండరాలు కూలిపోవడం’ అని యాప్ అర్థం చెప్పింది, అక్షరాలా అదే సరి. మనం మామూలుగా అనే మాటలో చెప్పాలంటే ‘నవ్వి నవ్వి కడుపు చెక్కలైంది’. వెటకారం చేసేవాడు తనే నేల మీద పడి దొర్లే బొమ్మ పంపడు, పొడిగా ఒక్క అక్షరం పడేసి ఊరుకుంటాడు. ఇతడు మాత్రం తన 草 పొడిగా ఉండిపోకూడదని బొమ్మను జతచేశాడు. లైన్‌లో స్టిక్కర్లు 2011లోనే వచ్చాయి. అక్కడివాళ్లకు అవి అలంకారం కాదు, గొంతు వినపడని చోట గొంతు చేయవలసిన పనిని అవి చేస్తాయి. అందుచేత అక్షరాల అర్థం ఎంత తెలిసినా, వెంట వచ్చిన బొమ్మను చూడకుండా ఆ వాక్యపు స్వరం తేల్చకూడదు.

తరువాత ఒక అమ్మాయి రెండు మెసేజ్‌లు పెట్టింది. మొదటిది 鉄でも溶かすの？, ‘ఇనుము గాని కరిగిస్తావా ఏమిటి?’ అని ఆటపట్టించడం. రెండోది かわいすぎる. దీన్ని యాప్ ‘చాలా అందంగా ఉన్నావు’ అని చెప్పడంతో బాబాయికి వేరే అనుమానం వచ్చిందని రాశారు. ‘కవాయీ’ అనే మాటను అక్కడ పసిపిల్లలకు, పిల్లి బొమ్మకు, ముసలాయన టోపీకి, ముద్దొచ్చే పొరపాటుకు, అన్నిటికీ వాడతారు. ఇక్కడ వాక్యంలో ‘నువ్వు’ అన్న మాట లేనే లేదు. ముద్దొచ్చింది మనిషి కాదు, వాడు చేసిన తప్పు. ‘అబ్బ, ఎంత ముద్దొస్తోందో ఈ తప్పు’ అని మాత్రమే చదువుకోండి.

దానికి తమ్ముడు すみません。まちがえました。 అని క్షమాపణ చెప్పాడు. వెంటనే మరొకరు ドンマイ! అన్నారు. ఇది ఇంగ్లీషు ‘డోంట్ మైండ్’ జపానుకు వెళ్లి మారిన రూపం. ఆటలో క్యాచ్ వదిలేసినవాడి భుజం తట్టి తోటి ఆటగాళ్లు అనే మాట. ‘పరవాలేదులే’ అని ధైర్యం చెప్పడం.

ఇప్పుడు అసలైన పంక్తికి వస్తున్నాను. లీడరు గారు రాసినది:

木曜は私が入ります。次からは先に私に言ってね。

‘గురువారం నేను వస్తాను. ఇకనుంచి ముందు నాకు చెప్పు, సరేనా.’ యాప్ తెలుగులో ఇది నవ్వు లేని, మర్యాదైన మాటగా కనిపించడంతో మీరు దాన్ని దాటిపోయారు. కాని మొత్తం సంభాషణలో తమ్ముడు జాగ్రత్తగా పట్టించుకోవలసినది ఇదొక్కటే. డ్యూటీ మార్పును నేరుగా గ్రూపులో అడగడం కాదు, ముందు లీడరుకు చెప్పడం పద్ధతి అని ఆమె అందరి ఎదుటా గట్టిగా అనకుండా తెలియజేశారు. చివరనున్న ね అనే అక్షరం ఆ మాటలోని పదును తీసేస్తుంది. అది లేకపోతే ‘నాకు చెప్పు’ అని తెగేసినట్టు ఉండేది. పైగా ఆ డ్యూటీని తానే తీసుకున్నారు. కోపమున్న మనిషి చేసే పని కాదు అది. వాక్యం చివర చుక్క పెట్టడం కోపానికి గుర్తని కుర్రవాళ్లు అనుకుంటారని, పెద్దవాళ్ల చుక్కలు వాళ్లను బెదరగొడుతున్నాయని 2024లో అక్కడి పత్రికల్లో పెద్ద చర్చే జరిగింది. తమ్ముడు ఆ సంగతి ఎవరి నోటనైనా వింటే కంగారుపడవద్దని చెప్పండి. ఈ స్క్రీన్‌షాట్ పైభాగంలో మధ్యాహ్నపు భోజనం గురించి ఆమె రాసిన మెసేజ్‌లో కూడా చుక్క ఉంది. అది ఆమె అలవాటు.

దాని కింద ఉన్న り అనే ఒంటి అక్షరాన్ని యాప్ ‘రి’ అని వదిలేసింది. అది ‘ర్యోకాయ్’, అంటే ‘తెలిసింది, సరే’ అన్న మాటలో మిగిలిన తొలి ముక్క. మన పర్లాకిమిడి వాళ్లు ఒడియా కలిపి ‘హఉ’ అని ఊరుకున్నట్టు ఉంటుంది. పక్కనే ఉన్న おつ అంటే ‘అలసిపోయావు’ కాదు; పని చేసేవాళ్లు ఒకరినొకరు పలకరించుకునే ‘ఒత్సుకరెసమ’కు కురచ రూపం, ‘ఇక ఉంటాను’ అన్న స్వరం. ఈ రెండూ సమవయస్కుల మధ్య మాటలు. తమ్ముడు వీటిని లీడరుకు ఎన్నడూ రాయకూడదు.

చివరిది お礼はカレーで(チラッ. ‘కృతజ్ఞత కూర రూపంలో చెల్లించవచ్చు’ అని. బ్రాకెట్ తెరిచి మూయకపోవడం తప్పు కాదు. నాటకంలో నటుడికి ఇచ్చే సూచనలాగా ‘ఓరకంట చూస్తూ’ అని దాని భావం. కింద గోడ చాటు నుంచి తొంగిచూసే పిల్లి కూడా అదే చెబుతోంది. భారతీయుడని కూర మాట ఎత్తి ఎగతాళి చేశారేమోనని మీకు అనిపించింది. కాని పోయిన నెలలో వాడు అందరికీ కోడికూర వండి తీసుకెళ్లాడని మీరే రాశారు. ఇది రాసిన అమ్మాయి మళ్లీ అడుగుతోంది, అంతే.

తమ్ముడి మెసేజ్ పక్కన 既読 7 అని ఉంది, అంటే మిగతా ఏడుగురూ చదివారు. ఇద్దరు ఏమీ అనలేదు. గ్రూపులో చదివి ఊరుకోవడం అక్కడ మామూలు. ఆ మౌనానికి అర్థం వెతకవద్దు.

వాడికి వచ్చిన జపాను భాష పరీక్ష కోసం నేర్చుకున్నది, ఈ మాటలు ఆ పుస్తకాల్లో ఉండవు. గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే ఉండి సవర భాషను సవరల నోట విని నేర్చుకున్నారు. వాడు కూడా టీ గదిలో వాళ్ల మాటలు అలాగే వినాలి, తెలియనిది సిగ్గుపడకుండా అడగాలి. ఈలోగా లీడరుకు విడిగా, ఈ రోజే, ఇది పంపమనండి:

ありがとうございます。承知しました。次からは先にご相談いたします。

‘ధన్యవాదాలు. అర్థమైంది. ఇకనుంచి ముందుగా మిమ్మల్నే అడుగుతాను’ అని. ఆలస్యం అయ్యేకొద్దీ అది మరిచినట్టు కాదు, పట్టించుకోనట్టు కనిపిస్తుంది. గ్రూపులో మాత్రం క్షమాపణ మళ్లీ చెప్పనక్కరలేదు, అలా చెబితే నవ్వినవాళ్లు ‘అయ్యో, నొప్పించామా’ అని ఇబ్బంది పడతారు. దానికి బదులు ఈ ఒక్క పంక్తి చాలు:

夜勤の漢字、もう忘れません🙇 カレーも作ります！

‘నైట్ డ్యూటీ అక్షరాలు ఇక మరిచిపోను. కూర కూడా వండుతాను!’ మధ్యలో ఉన్నది తలవంచి నమస్కరించే బొమ్మ. తప్పుకు, కృతజ్ఞతకు రెంటికీ సరిపోతుంది. వాడు ఇది పంపాక ఏ బొమ్మలు వస్తాయో ఆ స్క్రీన్‌షాట్ కూడా నాకు పంపించండి.

మీ అక్క కూతురు,
బరంపురం