మద్రాసు టీబీ పేపరు: ఇంట్లో వైద్యమా, శానిటోరియమా?

తమ్ముడూ,

శుక్రవారం జర్నల్ క్లబ్బుకి నీకిచ్చిన పేపరు 94 పేజీలని చూసి టెన్షన్ పడుతున్నానన్నావు. అందుకే నిన్న రాత్రి కూర్చుని మొత్తం మళ్ళీ చదివాను. నువ్వు మైక్రోబయాలజీ నుంచి వచ్చావు, ఎపిడెమియాలజీ పేపరు చదవడం ఇదే మొదలు, కాబట్టి ఎక్కడ మెల్లగా చదవాలో, ఎక్కడ దాటేయొచ్చో కూడా చెప్తాను. నీ దగ్గరున్న ప్రింటు మసకగా ఉందన్నావు కదా, A concurrent comparison of home and sanatorium treatment of pulmonary tuberculosis in South India అని కొడితే పబ్‌మెడ్ సెంట్రల్‌లో స్కాన్ కాపీ ఉచితంగా దొరుకుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ బులెటిన్, 1959, 21వ సంపుటం, 51 నుంచి 144 పేజీలు.

ముందు ఒక్క మాట. ఈ పని జరిగింది మన ఊళ్ళోనే. నువ్వు రోజూ వెళ్ళే దారిలో చెట్‌పెట్‌లో టీబీ పరిశోధన సంస్థ ఎన్‌ఐఆర్‌టీ ఉంది చూడు, దాని మొదటి రూపమే ఈ పేపరు రాసిన ట్యూబర్‌క్యులోసిస్ కీమోథెరపీ సెంటర్. 1956లో ఐసీఎంఆర్, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, డబ్ల్యూహెచ్‌ఓ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ నలుగురూ కలిసి పెట్టారు. దాన్ని నడిపించినాయన డాక్టర్ వాలెస్ ఫాక్స్.

అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్న ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది. ఆ రోజుల్లో టీబీ అంటే శానిటోరియం. మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి, కళ్ళముందు నర్సు. మన వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ మదనపల్లె ఆరోగ్యవరం పేరు చెప్తారు, ఇక్కడ తాంబరం దగ్గర లోకల్ ట్రైన్ స్టేషన్‌కే శానిటోరియం అని పేరుండిపోయింది. అయితే దేశంలో రోగులు లక్షల్లో, పడకలు వేలల్లో. అప్పటికి ఐసోనియాజిడ్ వచ్చి నాలుగేళ్ళే (1952), చవక, నోటితో మింగే మాత్ర. మరి మందే ఇంత బాగా పనిచేస్తుంటే మంచం, పాలు, గుడ్లు, కొండగాలి నిజంగా అవసరమా, పేదవాడు తన ఇరుకు గదిలో ఉండి మందు మింగినా నయమవుతుందా? పేపరు మొత్తానికి ఇదే ప్రశ్న. వాళ్ళ జవాబు: రెండు ఫలితాలూ చాలా దగ్గరగా ఉన్నాయి, సరైన ఏర్పాట్లుంటే ఎక్కువమందికి ఇంట్లోనే వైద్యం చెయ్యొచ్చు. ఆ "సరైన ఏర్పాట్లుంటే" అన్న షరతుని పెన్సిల్‌తో గీసి పెట్టుకో.

ఇప్పుడు మెథడ్స్. నువ్వు దీన్ని వదిలేసి రిజల్ట్స్ పట్టికలకి వెళ్ళిపోదామనుకుంటావు, నేనూ మొదట్లో అంతే చేసేదాన్ని. ఈ పేపరు విషయంలో మాత్రం అసలు సరుకంతా మెథడ్స్‌లోనే ఉంది.

మద్రాసు నగరంలో ఉండే పేద కుటుంబాల నుంచి, ఊపిరితిత్తుల టీబీ ఉండి గళ్ళలో బ్యాక్టీరియా కనిపించిన 193 మందిని తీసుకున్నారు. అందరూ అంతకుముందు టీబీ మందులు దాదాపు వాడనివాళ్ళు. ఎవరు ఇంటికి, ఎవరు శానిటోరియానికి అన్నది డాక్టరు నిర్ణయించలేదు, రోగి కోరుకోలేదు, ర్యాండమ్‌గా పడింది. దీని విలువ నీకు అర్థం కావాలంటే వేరేగా జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకో: డాక్టరు జాలిపడి బాగా జబ్బుగా ఉన్నవాళ్ళందర్నీ శానిటోరియానికి పంపి, కాస్త తిరగగలిగినవాళ్ళని ఇంటికి పంపితే, ఏడాది తర్వాత ఇంటి గుంపు బాగుందని తేలినా అందులో ఇంటి గొప్పతనమెంతో, మొదటే ఆరోగ్యంగా ఉండటంవల్ల వచ్చిందెంతో విడదీయలేం. 1948లో స్ట్రెప్టోమైసిన్ మీద వచ్చిన బ్రిటన్ ట్రయల్ ఈ పద్ధతికి దారి వేసింది, అదే సంస్థ ఇక్కడా భాగస్వామి కాబట్టి ఆ క్రమశిక్షణ ప్రతి పేజీలో కనిపిస్తుంది.

రెండు గుంపులకీ మందు ఒకటే, ఐసోనియాజిడ్, దానితో పాటు పీఏఎస్ అనే ఇంకో టీబీ మందు, రోజూ, ఏడాది పాటు. తేడా అంతా చోటులోనే. శానిటోరియంలో విశ్రాంతి, మెరుగైన తిండి, నర్సు చేతి మీదుగా మందు. ఇంటి గుంపువాళ్ళు సెంటర్‌కి వచ్చి వారానికి సరిపడా మందు తీసుకెళ్ళి తమంతట తామే వేసుకోవాలి.

"వేసుకున్నారని నమ్మకమేంటి" అని నువ్వు అడగాలి, అడగకపోతే శుక్రవారం మేడమ్ నిన్ను అడుగుతారు. వాళ్ళకీ ఆ అనుమానం ఉంది. అందుకే చెప్పకుండా ఇంటికి వెళ్ళి మిగిలిన మందు లెక్కపెట్టేవాళ్ళు, మూత్రం పరీక్ష చేసేవాళ్ళు. పీఏఎస్ మూత్రంలోకి వస్తుంది, అందులో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేస్తే రంగు మారుతుంది. మారకపోతే ఆ మధ్య మందు మింగలేదన్నమాట. ల్యాబ్ మనిషివి కాబట్టి ఇది నీకు వెంటనే పట్టుబడుతుంది, ఆ దృశ్యం ఒకసారి కళ్ళముందు పెట్టుకో: ఇరుకు సందులో ఇంటి గడప దగ్గర హెల్త్ విజిటర్, చేతిలో సీసా, పక్కన మాత్రల లెక్క రాసే కార్డు. నా లెక్కలో ఈ పేపరుకి గుండెకాయ ఇదే. "ఇంట్లో వైద్యం" అన్నమాట విని మాత్రలు చేతిలో పెట్టి పంపేశారనుకుంటే మొత్తం పేపరు తప్పుగా అర్థమవుతుంది. నేను పీజీలో ఒక సెమినార్‌లో సరిగ్గా ఆ మాటే అనేశాను, పట్టికలు బట్టీపట్టి మెథడ్స్ చదవకుండా వెళ్ళినందుకు. అందుకే నీకింత గట్టిగా చెప్తున్నాను.

కొలిచిందేంటి? గళ్ళ కల్చర్లు క్రమం తప్పకుండా చేశారు. ఏడాది చివర్లో వరసగా కల్చర్లు నెగటివ్ వస్తే "బ్యాక్టీరియా పరంగా జబ్బు అణిగింది" అని లెక్క. నయమైంది అనే మాట వాడలేదు గమనించు, మళ్ళీ తిరగబెట్టొచ్చు కాబట్టి. ఎక్స్‌రేలు చూసి అంచనా వేసినాయనకి ఏ ఫిల్మ్ ఏ గుంపుదో తెలియదు. రోగికీ డాక్టరుకీ గుంపు దాచడం ఎలాగూ కుదరదు, శానిటోరియంలో ఉన్నానో ఇంట్లో ఉన్నానో మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది!

రిజల్ట్స్ పట్టికలు డజన్లకొద్దీ ఉన్నాయి, అన్నీ చదవక్కర్లేదు. ముఖ్యమైన అంకెలు రెండే: ఏడాది చివర జబ్బు అణిగినవాళ్ళు ఇంటి గుంపులో 86 శాతం, శానిటోరియం గుంపులో 92 శాతం. 193 మందిలో కొందరిని పక్కన పెట్టాక ముఖ్యమైన పోలికలో మిగిలింది అటూ ఇటూ దాదాపు 80 మంది చొప్పున.

ఇక్కడ కాసేపు ఆగు. ఆరు పాయింట్ల తేడా పెద్దదా చిన్నదా? ఈ లెక్క పేపర్లోది కాదు, నేను వేసింది, నువ్వూ వేసి చూడు. SE అంటే స్టాండర్డ్ ఎర్రర్, దాన్ని 1.96తో గుణించి తేడాకి అటూ ఇటూ వేస్తే 95 శాతం నమ్మకపు హద్దులు వస్తాయి:

```
SE = sqrt(0.86*0.14/80 + 0.92*0.08/80) = 0.049
0.06 - 1.96*SE = -0.036
0.06 + 1.96*SE =  0.156
```

అంటే ఈ డేటాని బట్టి శానిటోరియం 15, 16 పాయింట్లు మెరుగై ఉండొచ్చు, లేదా ఇల్లే మూడు నాలుగు పాయింట్లు మెరుగై ఉండొచ్చు. మధ్యలో సున్నా ఉంది కాబట్టి "తేడా రుజువు కాలేదు" అంటాం. "రెండూ సమానమని రుజువైంది" అనకూడదు, ఈ రెండు మాటలకీ చాలా దూరం ఉంది, కొత్తవాళ్ళందరూ జారిపడేది ఇక్కడే. ఈరోజుల్లో అయితే "ఇంత తేడా వరకు ఒప్పుకుంటాం" అని ముందే గీత గీసి, దానికి సరిపడా మనుషుల్ని తీసుకునేవాళ్ళు. దాన్ని నాన్ ఇన్ఫీరియారిటీ ట్రయల్ అంటారు, ఆ పద్ధతి అప్పటికి వాడుకలో లేదు.

నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యమేసేది తిండి సంగతి. ఇంటి గుంపువాళ్ళ తిండి శానిటోరియంతో పోలిస్తే బాగా నాసిరకం, చాలామంది ఇంటి పనీ బయటి పనీ చేసుకుంటూనే ఉన్నారు. శానిటోరియం వాళ్ళు బరువు ఎక్కువ పెరిగారు, నిజమే. అయినా బ్యాక్టీరియా మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకేలా పోయింది. దీన్ని తిండి అక్కర్లేదని చదువుకోకు, సరైన మందు సరిగ్గా పడితే మంచి తిండి లేనివాడికి కూడా జబ్బు అణుగుతుందని చదువుకో.

ఇంట్లోవాళ్ళకి అంటదా అన్నది తర్వాతి భయం. దాని వివరాలు 1960లో విడి పేపరుగా వచ్చాయి. ఇంటి గుంపు కుటుంబాల్లో అదనంగా కేసులు పెరిగిన ఆధారం కనిపించలేదు. కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది: అంటాల్సింది చాలావరకు జబ్బు కనిపెట్టకముందే, మందు లేకుండా దగ్గిన ఆ నెలల్లోనే అంటేసి ఉంటుంది. మందు మొదలయ్యాక అంటించే శక్తి తగ్గిపోతుంది.

ఇక పరిమితులు. ఇప్పటి పేపర్లలోలా ఆ పేరుతో చక్కగా ఒక పేరా దొరుకుతుందని వెతక్కు, అక్కడక్కడా చెదిరి ఉంటాయి, మనమే ఏరుకోవాలి. మనుషులు తక్కువన్నది పైన చెప్పాను. పక్కన పెట్టినవాళ్ళ సంగతి ఇంకోటి. ర్యాండమ్‌గా పంచాక కొందర్ని తీసేస్తే ఆ పంపకం ఇచ్చిన సమతూకం కొంత చెడే వీలుంది, కాబట్టి ఎవర్ని ఎందుకు తీశారో, రెండు వైపులా ఒకేలా తీశారో ఆ పట్టిక దగ్గర వేలు పెట్టి చూడు. ఒకే నగరం, ఒకే సెంటర్. ఏడాది మాత్రమే, కానీ ఇదే రోగుల్ని ఐదేళ్ళు వెంటబడి చూసిన పేపరు 1966లో వచ్చింది, అక్కడ రెండు గుంపుల ఫలితాలూ దాదాపు ఒకే దగ్గరికి చేరాయి. ఆ రెండు మందుల జోడీ ఇప్పుడు పాతబడిపోయింది, అప్పటికి రిఫాంపిసిన్ లేదు, హెచ్‌ఐవీ లేదు, మందులకి లొంగని టీబీ ఇప్పటిలా లేదు, కాబట్టి ఆ శాతాల్ని ఈనాటి రోగికి తెచ్చి అతికించకూడదు.

అన్నిటికంటే పెద్ద పరిమితి ఆ హెల్త్ విజిటరే. సొంత ల్యాబ్, సొంత సిబ్బంది, రాని రోగి ఇంటికి వెళ్ళి తలుపు తట్టే మనుషులు ఉన్న పరిశోధనా కేంద్రంలో వచ్చిన 86 శాతం, ఖాళీ పోస్టులున్న మామూలు ఆరోగ్య కేంద్రంలో వస్తుందా అన్నదానికి ఈ పేపర్లో జవాబు లేదు. 1962లో మొదలైన జాతీయ టీబీ కార్యక్రమం ఇంటి వైద్యాన్నే నమ్ముకుంది. ఆ తర్వాత దశాబ్దాల్లో మందు మధ్యలో మానేసే రోగులే దానికి పెద్ద తలనొప్పి అయ్యారు. ఎదురుగా మందు మింగించాలన్న డాట్స్ పద్ధతి వెనక ఉన్నదీ ఇదే చింత. శుక్రవారం నువ్వు మాట్లాడాల్సింది దీని గురించే అని నా అభిప్రాయం, స్లైడ్లు నాలుగు చాలు, అందులో రెండు మెథడ్స్‌కే ఇచ్చెయ్.

గురువారం సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాను, ఆ లెక్క వేసుకుని స్కాన్ కాపీ తీసుకుని వచ్చెయ్, పట్టికలు కలిసి చూద్దాం. భోజనం ఇక్కడే.

అక్క