ఫొటోలు, మీ ఆల్బమ్ సంగతి

మాధవి గారూ, నమస్తే. నేను శ్రీధర్‌ని. మొన్న రిసెప్షన్‌లో స్టేజీ పక్కన కెమెరా పట్టుకుని తిరిగిన నీలం చొక్కా. మీ అమ్మగారినీ మిమ్మల్నీ కూర్చోబెట్టి రెండు ఫొటోలు తీశాను, గుర్తొచ్చే ఉంటుంది. నంబరు పెళ్లికూతురు వాళ్ల అన్నయ్య ఇచ్చాడు. మిమ్మల్ని అడిగాకే ఇస్తానన్నాడు. అడక్కుండా ఇచ్చుంటే ఆ తిట్లు వాడికే.

ఫొటోలు ఈ మెసేజ్ కింద డాక్యుమెంట్‌గా పెట్టాను. మామూలుగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది, పెద్ద ప్రింటు వేయిస్తే మొహాలు మసగ్గా వస్తాయి. ఫ్రేము కట్టించడానికి రెండోది బాగుంటుంది. మొదటిదాంట్లో అమ్మగారు కెమెరా వైపు చూడకుండా మీరన్న మాటకి నవ్వుతున్నారు. నాకైతే అదే నచ్చింది.

ఇక ఆల్బమ్. పాత ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫొటోలు చిరక్కుండా ఎలా తీయాలని మీరు అడుగుతుండగానే నన్నెవరో గ్రూప్ ఫొటోకి లాక్కెళ్లిపోయారు. మీరు చెప్పినదాన్ని బట్టి అది జిగురు అట్ట మీద ఫొటో అంటించి పైన ప్లాస్టిక్ షీటు కప్పే రకం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు గట్టిపడి ఫొటోని పట్టేస్తుంది. అందుకే మూల పట్టుకుని లాగితే చిరిగింది. ఇంకేదీ లాగకండి. ముందు ప్రతి పేజీనీ ఉన్నదున్నట్టు ఫోన్‌తో తీసి పెట్టుకోండి, కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా. తర్వాత పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం, మైనం పూత లేనిది, ఓ మూరెడు తీసుకుని ఫొటో మూల కిందికి దూర్చి, రంపం కోసినట్టు అటూ ఇటూ మెల్లగా ఆడించండి. కదలకపోతే అట్ట వెనక నుంచి హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద కొన్ని సెకన్లు పట్టి మళ్లీ ప్రయత్నించండి. ఫొటో వైపు నుంచి మాత్రం వద్దు, పై పొర మెత్తబడి పాడవుతుంది. అప్పటికీ రాకపోతే పేజీతో సహా స్కాన్ చేసేయడమే. ప్లాస్టిక్ షీటు ఫొటోకి అతుక్కుపోయిన చోట కూడా అంతే.

స్కానర్‌లో 600 డీపీఐ పెట్టండి. 4×6 అంగుళాల ఫొటో 2400×3600 పిక్సెళ్లతో వస్తుంది, 8×12 ప్రింటుకి సరిపోతుంది. వెనక పేర్లు రాయాలంటే బాల్‌పెన్ వాడొద్దు, దాని ఒత్తిడికి ముందువైపు గీతలు తేలతాయి. మెత్తటి పెన్సిల్ చాలు. ఆ పేర్లు మాత్రం అమ్మగారిని కూర్చోబెట్టి ఇప్పుడే రాయించుకోండి.

మొదటి మెసేజే ఇంత పొడుగైంది, ఏమనుకోకండి. తొందరేం లేదు, వీలున్నప్పుడు ఆ చిరిగిన ఫొటో ఒకటి తీసి పంపితే చూసి చెప్తాను. స్కానర్ నా దగ్గరుంది, కావాలంటే ఆదివారం మధ్యాహ్నం పట్టుకొస్తాను. ఆల్బమ్ ఇల్లు దాటక్కర్లేదు.

అన్నట్టు, మీ అమ్మానాన్నల పెళ్లి ఫొటోలో నాన్నగారు ఎందుకు మొహం పక్కకి తిప్పుకున్నారో చెప్తానన్నారు. అది బాకీ ఉంది.